ఒక్క షీటు, ఎనిమిది పేజీలు: ప్రెస్సు యూరప్‌ని ఎలా మార్చిందంటే

ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యకి మడవండి, మళ్లీ అడ్డంగా ఇంకోసారి మడవండి. చిన్న పుస్తకం లాగా అవుతుంది, పై అంచు మడత కోస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు. ఇప్పుడు పెన్సిల్‌తో వరసగా 1 నుంచి 8 దాకా నంబర్లు వేసి మొత్తం విప్పేసి చూడండి. ఒక వైపు 1, 4, 5, 8 ఉంటాయి, రెండో వైపు 2, 3, 6, 7 ఉంటాయి, పైగా వాటిలో సగం తలకిందులుగా కనిపిస్తాయి. ప్రెస్సులో కంపోజ్ చేసేవాడు పేజీలని సరిగ్గా ఈ లెక్కలోనే ఫ్రేములో బిగించాలి, ఒక్క పేజీ అటు ఇటు అయితే షీటు మొత్తం దండగ. ఐదొందల ఏళ్ల కింద జర్మనీలో ఒక దేశాన్నే కుదిపేసిన పుస్తకాలు ఇలా ఒక్క షీటుని రెండు మడతలు పెట్టి తయారు చేసినవే.

ప్రింటింగ్ గురించి చెప్పినప్పుడల్లా గూటెన్‌బర్గ్, ఆయన బైబిల్, అక్కడి నుంచి జ్ఞానం అందరికీ పంచేసినట్టు ఒకే ఊపులో చెప్పేస్తారు. కానీ ఆ బైబిల్ వచ్చిన 1455 ప్రాంతానికి, కేథలిక్ చర్చిని ఎదిరించిన మతగురువు లూథర్ రాతలు ఊరూరా పాకిన 1518కి మధ్య అరవై ఏళ్లకి పైగా ఉంది. మెషీన్ అదే, అక్షరాలు పోతపోసే పద్ధతి అదే, మరి ఇంత టైం ఎందుకు పట్టింది అనే ప్రశ్న వేసుకుంటే అసలు కథ అర్థమవుతుంది.

ముందు మెషీన్ సంగతి. ప్రెస్సు అనేది పెద్ద వింత కాదు, ద్రాక్షపళ్లు పిండే మర అప్పటికే ఉంది, కాగితం ఉంది, చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చేయడం కూడా తెలుసు. మైన్జ్ ఊళ్లో గూటెన్‌బర్గ్ కష్టపడి సాధించింది అక్షరాలు ఒకేలాగా వేలకి వేలు పోతపోసే పద్ధతి. స్టీల్ కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు, దాన్ని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొడితే అక్షరం ఆకారంలో గుంట పడుతుంది, ఆ రాగి ముక్కని చేతిలో పట్టే చిన్న మూసలో అడుగున పెట్టి పైనుంచి కరిగిన లోహం పోస్తే క్షణాల్లో గట్టిపడి అక్షరం బయటికి వస్తుంది. సీసం, తగరం, అంటిమొని కలిపిన లోహం అది. ఆ చేతి మూసలో ఒక తెలివి ఉంది, దాని రెండు భాగాలు పక్కకి జరుగుతాయి, కాబట్టి సన్నటి ‘ఐ’కి సన్నగా, వెడల్పాటి ‘ఎమ్’కి వెడల్పుగా పోత వస్తుంది కానీ ఎత్తు మాత్రం అన్నిటికీ సమానంగా ఉంటుంది. ఎత్తులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక అక్షరం కాగితానికి అంటదు, పక్కది కాగితాన్ని చింపుతుంది. సిరా కూడా మార్చాల్సి వచ్చింది, లేఖకులు వాడే నీళ్ల సిరా లోహం మీద నిలవదు, అందుకని నూనెతో చేసిన చిక్కటి సిరాని తోలు బంతులతో అక్షరాల మీద అద్దేవాళ్లు.

అప్పటిదాకా పుస్తకం అంటే చేత్తో రాయడమే, ఫ్లారెన్స్‌లో వెస్పాసియానో అనే పుస్తకాల వ్యాపారి అక్కడి పెద్ద ధనవంతుడు కోసిమో దె మెదిచి కోసం 45 మంది లేఖకుల్ని పెట్టి 22 నెలల్లో 200 పుస్తకాలు రాయించానని చెప్పుకున్నాడు, అప్పట్లో అదే చాలా వేగం. గూటెన్‌బర్గ్ బైబిల్ దాదాపు 1,280 పేజీలు, వేసింది సుమారు 180 కాపీలు. పేజీకి ఒకసారి చొప్పున మర తిప్పారు అనుకుంటే రెండు లక్షల ముప్పై వేల సార్లు ఆ పిడి లాగాలి. ఈ పని అయ్యేదాకా ఒక్క పైసా ఆదాయం రాదు, కాగితం ముందే కొనాలి, కొన్ని కాపీలకి దూడతోలు కావాలి, పనివాళ్లకి జీతాలు ఇవ్వాలి. అందుకే యోహాన్ ఫుస్ట్ అనే ఆయన దగ్గర 800 గిల్డర్లు, తర్వాత మళ్లీ 800 అప్పు తెచ్చాడు. పని పూర్తయ్యే టైంకి ఫుస్ట్ వడ్డీతో కలిపి 2,026 గిల్డర్లు కట్టమని కేసు వేశాడు, 1455 చివరికి గూటెన్‌బర్గ్ చేతుల్లోంచి ఆ వ్యాపారం జారిపోయింది, ఆయన దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్‌ని కలుపుకుని ఫుస్ట్ దాన్ని నడిపించాడు. కనిపెట్టినవాడికే ఇలా అవడం చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది, కానీ ఇది ఒక మనిషి దురదృష్టం అనుకుంటే పొరపాటు, ఆ వ్యాపారం లెక్కే అలాంటిది.

ఎందుకంటే తర్వాత వచ్చినవాళ్లకీ ఇదే జరిగింది. స్వైన్‌హైమ్, పానార్ట్జ్ అని ఇద్దరు జర్మన్లు 1465 ప్రాంతంలో ఇటలీలో సుబియాకో అనే చోట మఠంలో ప్రెస్సు పెట్టి, అక్కడి నుంచి రోమ్ వెళ్లి లాటిన్ గ్రంథాలు వరసగా వేశారు, ఒక్కోటి సాధారణంగా 275 కాపీలు. 1472లో వాళ్లు పోప్ సిక్స్టస్ IVకి అర్జీ పెట్టుకున్నారు. ఇల్లంతా అచ్చేసిన షీట్లతో నిండిపోయింది, తినడానికి మాత్రం ఏమీ లేదు అని దాని సారాంశం. సరుకు బాగాలేక కాదు. 275 కాపీలు కొనే చదువుకున్నవాళ్లు యూరప్‌లో ఉన్నారు, కానీ ఒకడు పారిస్‌లో, ఒకడు ప్రాగ్‌లో, ఇంకొకడు ఎక్కడో స్పెయిన్ మఠంలో ఉన్నాడు. రాసేవాడికి ఈ బాధ లేదు, ఎవరో ఒకరు అడిగితేనే రాస్తాడు. ప్రింటర్ మాత్రం ఎవరు కొంటారో తెలియకుండానే అన్ని కాపీలూ ఒకేసారి వేసేయాలి, ఆ తర్వాత బైండింగ్ లేని షీట్లని పీపాల్లో పెట్టి బండ్ల మీద, పడవల మీద ఊళ్లు దాటించాలి, డబ్బులు ఎప్పుడో తిరిగొస్తాయి. తయారీ సమస్య తీరింది కానీ అమ్మకం సమస్య కొత్తగా పుట్టింది. మొదటి తరం ప్రింటర్లు చాలామంది దీంట్లోనే మునిగిపోయారు, నిలబడ్డవాళ్లు ఎక్కువగా వెనిస్, న్యూరెంబర్గ్ లాంటి వర్తకపు ఊళ్లలో సరుకు దూరాలకి పంపే దారులు ఉన్నవాళ్లే.

మరి చిన్న ప్రెస్సుల వాళ్లు ఎలా బతికారు? చిల్లర పనుల మీద. ఇవాళ్టికీ ఊళ్లో చిన్న ప్రెస్సు బతికేది శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాల మీదే కదా, అప్పుడూ అంతే. క్యాలెండర్లు, బడిపిల్లల లాటిన్ వ్యాకరణం, అన్నిటికంటే ముఖ్యంగా చర్చి ఇచ్చే పాపక్షమా పత్రాలు. డబ్బు ఇచ్చినవాళ్లకి పాపాలకి పడాల్సిన శిక్ష తగ్గుతుందని చెప్పి ఇచ్చే రసీదు లాంటిది అది. ఒక్క కాగితం, ఒక్క వైపు ప్రింట్, పేరుకీ తేదీకీ ఖాళీ వదిలేస్తారు, అమ్మేవాడు చేత్తో నింపుతాడు. 1454లోనే మైన్జ్‌లో ఇవి అచ్చయ్యాయి, అంటే బైబిల్ పూర్తయ్యే టైంకే. ప్రింటర్‌కి ఇంతకంటే మంచి పని లేదు, వేలల్లో ఆర్డర్, డబ్బు ఇచ్చేది చర్చి, అమ్ముకునే తలనొప్పి తనది కాదు. ఈ పత్రాల మీదే తర్వాత గొడవ మొదలవుతుంది, దాన్ని పెంచి పోషించిందీ ఈ ప్రెస్సే.

1517 అక్టోబర్ 31న విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మార్టిన్ లూథర్ ఈ పత్రాల అమ్మకం మీద 95 వాదాంశాలు బయటపెట్టాడు. అవి లాటిన్‌లో, పండితుల చర్చ కోసం రాసినవి, న్యూరెంబర్గ్, లైప్జిగ్, బాసెల్‌లలో వాటిని అచ్చేశారు కూడా, కానీ మామూలు జనం చదివేవి కావు. అసలు మలుపు 1518 వసంతంలో వచ్చింది. లూథర్ అదే విషయాన్ని జర్మన్‌లో, ఇరవై చిన్న చిన్న పేరాల్లో, బజారులో మనిషికి అర్థమయ్యేలా రాశాడు. పేరు ‘పాపక్షమా పత్రాల మీద, దైవకృప మీద ఒక ప్రసంగం’. పత్రం కొనడం కంటే అవసరంలో ఉన్న పేదవాడికి ఆ డబ్బు ఇవ్వడం మేలు అని సూటిగా చెప్పేశాడు. ఎనిమిది పేజీల్లో పట్టేసింది, అంటే పైన మడిచి చూసిన ఆ ఒక్క షీటే.

ఇప్పుడు లెక్క మళ్లీ వేసి చూడండి. వెయ్యి కాపీలకి కావాల్సింది వెయ్యి షీట్ల కాగితం, అంతే. రెండు ఫ్రేములు కంపోజ్ చేస్తే చాలు. అప్పటి మరలో కాగితాన్ని నొక్కే పలక చిన్నది కాబట్టి ఒక వైపు పూర్తిగా పడాలంటే రెండుసార్లు లాగాలి, రెండు వైపులకి నాలుగు, వెయ్యి కాపీలకి నాలుగు వేల లాగుళ్లు. బైబిల్‌కి రెండు లక్షల ముప్పై వేలు ఎక్కడ, ఇది ఎక్కడ! ఇద్దరు మనుషులు, ఒకడు సిరా అద్దుతూ ఒకడు పిడి లాగుతూ, కొద్ది రోజుల్లో ముగించేస్తారు. కుట్టు, బైండింగ్ పెద్దగా అక్కర్లేదు, మడిచి అమ్మేయడమే. వారం తిరిగేలోపు పెట్టుబడి వెనక్కి వచ్చే అవకాశం ఉంది, ఒకవేళ అమ్ముడుపోకపోయినా పోయేది కొద్ది కాగితమే, ఇల్లు అమ్ముకునే పరిస్థితి రాదు. అప్పు తెచ్చి ఏళ్లకొద్దీ ఎదురుచూసిన ప్రింటర్ కుటుంబాలకి ఇది ఎంత పెద్ద ఊరటో ఊహించుకోవచ్చు.

ఇంకోటి ఉంది, ఇదే చాలామంది పట్టించుకోని విషయం. ఈ పుస్తకాలు విట్టెన్‌బర్గ్ నుంచి బండ్లలో ఊళ్లకి వెళ్లలేదు. విట్టెన్‌బర్గ్ చిన్న ఊరు, అప్పటికి అక్కడ ఉన్న ప్రింటర్ రావ్-గ్రూనెన్‌బర్గ్ పని చాలా నిదానం. జరిగిందేంటంటే ఒక కాపీ ఎవడో వర్తకుడి సంచిలోనో స్టూడెంట్ చేతిలోనో లైప్జిగ్, న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, బాసెల్ చేరుతుంది, అక్కడి ప్రింటర్ దాన్ని ముందు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కంపోజ్ చేసి తన ఊళ్లో తనే వేసుకుంటాడు. కాపీరైట్ అనేది లేదు, అనుమతి అడగక్కర్లేదు, లూథర్ డబ్బు తీసుకోడు కూడా. స్వైన్‌హైమ్, పానార్ట్జ్‌లని ముంచిన సమస్య, అంటే బరువైన కాగితాన్ని దూరం మోయడం, ఇక్కడ మాయమైపోయింది. ఒక్క కాపీ ప్రయాణం చేస్తే చాలు, కాగితం అక్కడిదే, కూలీ అక్కడిదే, కొనేవాళ్లూ అక్కడివాళ్లే. ఈ ప్రసంగం 1518లోనే పదికి పైగా సార్లు వేర్వేరు ఊళ్లలో అచ్చయింది. అవతలి పక్షం నుంచి ఆ పత్రాలు అమ్మే టెట్‌జెల్ అదే ఏడాది జర్మన్‌లోనే పాయింటు పాయింటుకీ జవాబు వేశాడు, దానికి మాత్రం ఆ గిరాకీ రాలేదు.

గిరాకీ అనే మాట ఇక్కడ చాలా ముఖ్యం. ప్రింటర్లందరూ లూథర్ భక్తులు అయిపోయి వేశారనుకోవడం తప్పు, కొందరు నమ్మే వేశారు, చాలామంది అమ్ముడుపోతోంది కాబట్టి వేశారు. దీనికి మంచి ఉదాహరణ లైప్జిగ్. అక్కడి పాలకుడు డ్యూక్ జార్జ్ గట్టి కేథలిక్, తన రాజ్యంలో లూథర్ పుస్తకాలు వేయకూడదు, అమ్మకూడదు అని నిషేధం పెట్టాడు. అప్పటిదాకా లైప్జిగ్ ప్రెస్సులకి లూథర్ రాతలే తిండి పెట్టేవి. 1524లో ఊరి కౌన్సిల్ ద్వారా వాళ్లు మొరపెట్టుకున్నారు, జనం అడిగేవి వేయనివ్వడం లేదు, వేయమన్న కేథలిక్ పుస్తకాలేమో ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు, ఇలాగైతే మా ఇల్లూ వాకిలీ పోతాయి అని. అదే టైంలో విట్టెన్‌బర్గ్‌లో ప్రెస్సులు పెరుగుతున్నాయి. 1519లోనే లైప్జిగ్ ప్రింటర్ మెల్కియోర్ లాటర్ తన కొడుకుని అక్కడికి పంపి బ్రాంచ్ లాంటిది పెట్టించాడు. 1520 ఆగస్టులో జర్మన్ ప్రభువులకి లూథర్ రాసిన పెద్ద విజ్ఞప్తి 4,000 కాపీలు వేస్తే చూస్తుండగానే అయిపోయాయి. 275 కాపీలు అమ్మలేక ఇద్దరు మనుషులు పోప్‌కి అర్జీ పెట్టుకున్న రోజులకి, దీనికి తేడా యాభై ఏళ్లు కూడా లేదు. 1521లో చక్రవర్తి వర్మ్స్ ఊళ్లో ఇచ్చిన శాసనంతో లూథర్ రాతలన్నీ నిషేధించినా ఆగలేదు, ఎందుకంటే మూసేయడానికి ఒక్క చోటు లేదు, ఒక ఊళ్లో ఆపితే వేరే రాజు కింద ఉన్న ఇంకో ఊళ్లో అచ్చవుతుంది. జర్మనీ వందల ముక్కలుగా ఉండటం ఇక్కడ బాగా పనిచేసింది.

అయితే ఇలా ఎవరు పడితే వాళ్లు వేసుకోవడంలో నష్టమూ ఉంది. చేత్తో రాసినప్పుడు ఒక్కో లేఖకుడి తప్పు ఒక్క కాపీలోనే ఉంటుంది, ప్రెస్సులో ఒక అక్షరం తప్పు పడితే వెయ్యి కాపీల్లోనూ అదే తప్పు, దాన్ని చూసి ఇంకో ఊరివాడు కంపోజ్ చేస్తే ఆ తప్పు పైన కొత్త తప్పులు. మూడో నాలుగో చేతికి వచ్చేసరికి వాక్యమే మారిపోయేది. పైగా ఆగ్స్‌బర్గ్‌లో వేసి పైన ‘విట్టెన్‌బర్గ్’ అని పెట్టేవాళ్లు, ఆ ఊరి పేరుంటే అమ్ముడుపోతుందని. లూథర్ 1524 నుంచి తన బైబిల్ అనువాదంలో ఒక గొర్రెపిల్ల, జెండా, పక్కన తన గులాబీ గుర్తు, పేరులోని అక్షరాలు వేయించి ఇది ఉన్నదే అసలుది అని చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు పరిశోధకులు ఇలాంటి దొంగ ఊరి పేర్లని పట్టుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కో ప్రెస్సు దగ్గర అక్షరాల సెట్టు వేరు, వరసగా ఇరవై లైన్లు ఎన్ని మిల్లీమీటర్లు వస్తాయో స్కేలు పెట్టి కొలుస్తారు, పెద్ద ‘ఎమ్’ అక్షరం ఆకారం చూస్తారు, విరిగిన అక్షరం ఎక్కడైనా మళ్లీ కనిపిస్తుందా అని వెతుకుతారు, పేజీ అంచు బొమ్మ చెక్కలో పగులు ఎంత పెరిగిందో చూసి ఏది ముందు ఏది తర్వాత అని కూడా చెప్పేస్తారు. కాగితం మీద ఊరి పేరు అబద్ధం చెప్పొచ్చు కానీ అరిగిపోయిన అక్షరం చెప్పలేదు.

ఇంకో పరిమితి, అప్పటి జర్మనీలో ఎక్కువమందికి చదవడం రాదు. పల్లెల్లో మరీ తక్కువ. అయినా ఎనిమిది పేజీలు ఒకడు చదివితే సత్రంలో పదిమంది వింటారు, చర్చి బయట, సంతలో, పనిచేసే కొట్లలో గట్టిగా చదివి వినిపించేవాళ్లు, మొదటి పేజీ మీద బొమ్మ ఉంటే చదవడం రానివాడికీ విషయం సగం అర్థమయ్యేది. విట్టెన్‌బర్గ్‌లోనే ఉన్న చిత్రకారుడు లూకాస్ క్రానాక్ ఈ మొదటి పేజీల అంచులకి వేసిన బొమ్మలు చూస్తే వాళ్లు ఆ చిన్న పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా తయారు చేశారో తెలుస్తుంది. చిన్న పుస్తకం కావడం వల్లే ఇలా ఒక్కసారి కూర్చుని మొత్తం చదివి వినిపించడం కుదిరింది, 1,280 పేజీల లాటిన్ బైబిల్‌ని సత్రంలో ఎవరు చదువుతారు.

విన్నవాళ్లు తమ అర్థం తాము తీసుకున్నారు కూడా. 1525లో దక్షిణ జర్మనీ రైతులు మెమ్మింగెన్ ఊళ్లో తమ డిమాండ్లు పన్నెండు రాసుకున్నారు, తమ పాస్టర్‌ని తామే ఎన్నుకోవాలి, వెట్టి బానిసత్వం పోవాలి, అడవిలో కట్టెలు, నీళ్లలో చేపలు అందరివీ అని, ప్రతిదానికీ పక్కన బైబిల్ వాక్యం చూపించి. అది కూడా చిన్న పుస్తకంగానే అచ్చయింది, లూథర్ ప్రసంగం నడిచిన దారిలోనే ఊరి నుంచి ఊరికి రీప్రింట్ అవుతూ రెండు నెలల్లో ఇరవైకి పైగా సార్లు వచ్చింది. లూథర్ దాన్ని ఒప్పుకోలేదు, తిరుగుబాటు చేసిన రైతుల్ని అణచేయమని ప్రభువులకి చాలా కటువుగా రాశాడు, అదీ అచ్చయింది, వేల మంది రైతులు చనిపోయాక కూడా అది బజార్లో అమ్ముడవుతూనే ఉంది. ఏ దారిన తన మాట ఊరూరా వెళ్లిందో ఆ దారి మీద ఇప్పుడు ఎవరికైనా హక్కు ఉంది, దాన్ని వెనక్కి లాక్కోవడం ఆయన వల్ల కూడా కాలేదు.

ఈ దారి చాలా కాలం తర్వాత తెలుగు దాకా వచ్చింది. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ 1743లో జర్మనీ తిరిగి వెళ్లి, విట్టెన్‌బర్గ్‌కి దగ్గర్లోనే ఉన్న హాలె నగరంలో తెలుగు అక్షరాలు పోతపోయించాడు. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపికి లాటిన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కడ్డీలు చెక్కాలి. ఆ అక్షరాలతో 1746లో అచ్చయిన మొదటి తెలుగు పుస్తకాల్లో ఒకటి క్రైస్తవ ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం.